ఒక్క లాభం పట్టుకుని చాలా క్యాప్షన్లు రాసి, అందులోంచి ఒకటి ఏరుకోవడం ఎలా? (కడక్ జొన్న రొట్టెలకు)

మక్తల్_రొట్టె
అందరికీ నమస్తే. మాది మక్తల్. నలుగురం ఆడవాళ్లం కలిసి కడక్ జొన్న రొట్టెలు చేసి అమ్ముతున్నాం. పెనం మీద కాల్చాక తేమంతా పోయేదాకా పొయ్యి సెగకు ఆరబెడతాం. చేత్తో పట్టుకుంటే పటుక్కున విరగాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే ఇరవై రోజులు బాగుంటాయి. ప్యాకెట్‌కు పది రొట్టెలు. మహబూబ్‌నగర్‌లో కొన్ని కిరాణా షాపులకు వేస్తాం, హైదరాబాద్‌లో చదువుకునే పిల్లలకు పార్సిల్ పంపుతాం.

కొత్త స్టిక్కర్ ప్రింట్‌కు ఇవ్వాలి. దాని మీద ఒక మంచి క్యాప్షన్ కావాలని మొన్న సాయంత్రమంతా నలుగురం కూర్చున్నాం. వచ్చినవి ఆరు. "ఆరోగ్యానికి నేస్తం", "అమ్మ చేతి రుచి", "పల్లె రుచి పట్నానికి", ఇట్లాంటివే. ఆరూ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. వందల కొద్దీ రాసి అందులోంచి ఏరుకుంటారని విన్నాను. ఆ వంద ఎట్లా వస్తాయి? వచ్చాక ఎట్లా ఏరాలి?

బత్తాయి_తోట
అక్కా, పేరు చిన్నగా పెట్టుకోండి, రెండు అక్షరాలైతే ఇంకా మంచిది. మాది నల్గొండ పక్కన బత్తాయి తోట, టౌన్‌లో జ్యూస్ సెంటర్ కూడా ఉంది. పేరు కోసం మూడు నెలలు తిరిగాను. చివరికి మా నాయన పేరులోని మొదటి రెండు అక్షరాలు పెట్టాం, జనానికి బాగా పట్టింది.

మక్తల్_రొట్టె
పేరు ఉంది అన్నా, రిజిస్టర్ కూడా అయింది. నేను అడిగేది పేరు కింద రాసే లైను గురించి.

బత్తాయి_తోట
ఓ, క్యాప్షనా! అయితే నా బాధ కూడా వినండి. ఫ్లెక్సీ కొట్టించిన చోట వాళ్లే "స్వచ్ఛతకు మారుపేరు" అని రాసిచ్చారు. బాగుందనుకున్నాను. నెల తిరక్కుండానే మా రోడ్డుకు ఆ చివరన ఇంకో జ్యూస్ బండికి అదే లైను, అదే రంగు అక్షరాలు. అడిగితే "మా దగ్గర రెడీగా ఉన్నవి అవే సార్" అన్నారు. ఆ మరుసటి వారం ఒక పాల డెయిరీ బోర్డు మీద కూడా చూశాను.

గోడరాత
తమ్ముడు చెప్పిన దాంట్లోనే అసలు విషయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నేను నల్గొండలో గోడలకు సున్నం కొట్టి ఎరువుల కంపెనీల ప్రకటనలు రాయడంతో మొదలుపెట్టాను. తర్వాత పదకొండేళ్లు హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో తెలుగు లైన్లు రాశాను. ఇప్పుడు మళ్లీ ఊళ్లోనే ఉన్నాను.

అమ్మా, మీకు ఆరే వచ్చాయంటే మీకు రాయడం రాదని కాదు. నలుగురూ ఒకేసారి రొట్టె గురించి మొత్తం చెప్పాలని చూశారు. రుచి, ఆరోగ్యం, పల్లె, అమ్మ. అన్నీ కలిపి చెప్పబోతే వచ్చేవి అట్లాంటి గుండ్రటి మాటలే. ముందు ఒక్క లాభం తేల్చుకోండి. మీకు నచ్చింది కాదు, కొన్నవాళ్లు మళ్లీ ఎందుకు కొన్నారో అది. రెండోసారి, మూడోసారి తెప్పించుకున్నవాళ్లలో ఐదుగురికి ఫోన్ చేయండి. "ఎందుకు బాగుంది" అని అడగొద్దు, రుచి బాగుంది అంటారు, అక్కడితో అయిపోతుంది. "పోయినసారి మా రొట్టె ఎప్పుడు తిన్నారు, ఆ టైంలో ఏం జరిగింది" అని అడగండి. వాళ్లు అన్న మాట అన్నట్టే కాగితం మీద రాసుకోండి. అది తెచ్చాక మిగతాది చెప్తాను.

ప్రాస_ప్రియ
ఇంత కథ ఎందుకు సార్? క్యాప్షన్ అంటే ప్రాస. ప్రాస కుదిరితే నోట్లో తిరుగుతుంది. నాకు ఇప్పుడే వచ్చింది చూడండి: "కొన్నవాళ్లు తిన్నారు, తిన్నవాళ్లు కొన్నారు, జొన్న రొట్టె!" రెండో అక్షరం అన్నింటిలో 'న్న' పడింది. ఒకసారి వింటే మర్చిపోరు.

గోడరాత
మర్చిపోరు, నిజమే. కానీ 'జొన్న రొట్టె' తీసేసి 'సున్నుండ' పెట్టండి. అట్లాగే కూర్చుంటుంది, ప్రాస కూడా చెడదు. బత్తాయి తమ్ముడికి జరిగింది అదే. వేరే వాళ్ల సరుకు పేరు పెట్టినా సరిపోయే లైను మీది కాదు. ప్రాస కావాలి, కానీ చివర్లో. మొదటే ప్రాస వెతికితే మాట కుదరడం కోసం విషయం వంగిపోతుంది.

మక్తల్_రొట్టె
ఐదుగురికీ ఫోన్ చేశాను. ఇద్దరు షుగర్ ఉందని కొంటున్నామన్నారు. మిగతా ముగ్గురివీ హాస్టల్ పిల్లల ఇళ్లు. ఒక అమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నా: "రాత్రి లేటయింది, మెస్ బంద్ అయింది, డబ్బాలకెళ్లి రెండు రొట్టెలు తీసి పల్లి పొడితో తిన్నడంట. ఫోన్ల చెప్తే పానం నిమ్మళమైంది." మిగతా ఇద్దరూ దాదాపు ఇదే చెప్పారు.

షుగర్ మాట రాస్తే ఎక్కువ పోతుందని మా వాళ్లు అంటున్నారు.

లైసెన్స్_పేపర్లు
అక్కా, ఆ షుగర్ మాట స్టిక్కర్ మీద రాయకండి. నేను చిన్న ఫుడ్ యూనిట్లకు లైసెన్స్ కాగితాలు చేస్తాను. తిండి పదార్థం మీద ఫలానా జబ్బును తగ్గిస్తుంది, రాకుండా ఆపుతుంది అని రాసుకోవడానికి ఫుడ్ సేఫ్టీ నిబంధనలు ఒప్పుకోవు. ప్రకటనల మీద 2018లో వచ్చిన నిబంధనల్లో 'నేచురల్', 'ప్యూర్', 'ట్రెడిషనల్' లాంటి మాటలకు కూడా షరతులు పెట్టారు. 'హోమ్ మేడ్' లాంటి మాట కొనేవాళ్లను పొరపాటు పడేలా చేస్తే అది కూడా వాడకూడదు. ఇరవై రోజులు అని రాస్తే ప్యాకెట్ మీద వేసే తేదీ కూడా దానికి సరిపోవాలి.

గోడరాత
మంచి మాట చెప్పారు. షుగర్ పక్కన పెట్టేద్దాం. మిగిలిన ముగ్గురి మాటలో లాభం దొరికింది: వండకుండా, ఏ టైంకైనా, జొన్న రొట్టె. ఇరవై రోజుల నిల్వ లాభం కాదు, ఆ లాభం ఎట్లా వస్తుందో చెప్పే కారణం. లైనులో కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు. లాభం మాత్రం ఉండాలి. 'వండకుండా, ఏ టైంకైనా, జొన్న రొట్టె' అన్న వాక్యాన్ని పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి.

ఇప్పుడు వందకు దారి. ఒకే వాక్యాన్ని వేర్వేరు గుమ్మాల్లోంచి చూడాలి. ఒక్కో గుమ్మానికి ఒక కాగితం, పది నిమిషాలు, పది లైన్లు. కొట్టివేత లేదు, పక్కవాళ్లకు చూపించడం లేదు.

మొదటి గుమ్మం టైము. ఈ లాభం ఏ గంటకు పనికొచ్చింది? "మెస్ బంద్, డబ్బా ఓపెన్." "రాత్రి పదకొండుకు కూడా రొట్టె." రెండోది, ఏది అక్కర్లేకుండా పోయింది? పొయ్యి, పెనం, గ్యాస్, పిండి కలపడం. వాటి పేర్లే వాడండి. మూడోది, మాట్లాడేది ఎవరు? అమ్మ అంటే ఒక లైను, పిల్లవాడు అంటే ఒకటి, రూంమేట్ అంటే ఇంకొకటి, చివరికి డబ్బా మాట్లాడినా సరే. నాలుగోది, రొట్టె లేకపోతే ఆ రాత్రి ఏం తినేవాడు? ఐదోది చప్పుడు, చెయ్యి చేసే పని: మూత తియ్యడం, విరవడం, కరకర. ఆరోది సామెత. ఊళ్లో అందరికీ తెలిసిన సామెత తీసుకుని ఒక్క మాట తిప్పండి. ఏడోది ఊరు, దూరం. ఎనిమిదోది అంకె.

ఎనిమిది పదులు ఎనభై. ఒక్క రోజులో కానివ్వకండి. నాలుగు గుమ్మాలు ఈ రోజు, నాలుగు రేపు. మధ్యలో ఒక రాత్రి గడవాలి.

పాలమూరు_మాస్టారు
రిటైర్డ్ తెలుగు లెక్చరర్‌ని, మహబూబ్‌నగర్. గోడరాత గారు 'పక్కవాళ్లకు చూపించడం లేదు' అన్నారు, దాని మీద ఒక మాట. 1958లో యేల్ యూనివర్సిటీలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే ముగ్గురు దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఆలోచనల కంటే, నలుగురు విడివిడిగా రాసినవి కలిపి, ఒకేలా ఉన్నవి తీసేసి లెక్కపెడితే ఎక్కువ వచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబె అనే వాళ్లు కారణం వెతికారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి, ఆ ఆగడంలో తట్టింది జారిపోతుంది. మీ నలుగురూ ఒక సాయంత్రం కూర్చుంటే ఆరే రావడానికి ఇది కూడా ఒక కారణం అయి ఉంటుంది. విడివిడిగా రాయండి, కలిపేది తర్వాత.

ప్రాస_ప్రియ
అంటే నలుగురు రాస్తే మూడు వందల ఇరవై లైన్లా? అవన్నీ ఎవరు చదువుతారు?

గోడరాత
గుమ్మాలు పంచుకోండి. ఒక్కొక్కరికి రెండు. మాట్లాడేది ఎవరు అన్న గుమ్మం, టైము గుమ్మం మాత్రం ఇద్దరేసి రాసినా మంచిదే, అక్కడ సరుకు ఎక్కువ ఉంది.

మక్తల్_రొట్టె
రెండు రోజులు పట్టింది. మొత్తం 83 లైన్లు. అన్నింటికీ వరసగా నంబర్లు వేశాను. నాకే ఆశ్చర్యమైన సంగతి: మొదటి 22 లైన్లలో 'రుచి' లేదా 'ఆరోగ్యం' అన్న మాట 17 చోట్ల ఉంది. గుమ్మం ఇచ్చినా పెన్ను అటే పోయింది. ముప్పై దాటాక ఆ మాటలు అయిపోయాయి. ఇక రాయడానికి ఏమీ లేదు అనిపించి పది నిమిషాలు ఉత్తగా కూర్చున్నాను. ఆ తర్వాతే డబ్బా, మూత, పెనం రావడం మొదలైంది.

కొన్ని ఇక్కడ పెడుతున్నా. ఏరడం ఎట్లాగో చెప్పండి.

"పొయ్యి లేదు, పెనం లేదు, రొట్టె ఉంది."
"పెనం మక్తల్‌లో, రొట్టె మీ రూంలో."
"తిన్నవా బిడ్డా? డబ్బా తెరువు."
"అడగకుండానే అమ్మ పెట్టిన రొట్టె." (అడగందే అమ్మైనా పెట్టదు అన్న సామెత తిప్పింది)
"ఆకలికి టైం లేదు, రొట్టెకూ లేదు."
"మూత తియ్, విరుచుకు తిను."
"నీళ్లు కాగేలోపు నీ తిండి అయిపోతుంది."
"ఇరవై రోజుల ధైర్యం."

దేవరకొండ_బస్సు
ఇవి చదువుతుంటే మా నాయన గుర్తొచ్చాడు. బొంబాయికి మట్టి పనికి పోయేటప్పుడు గుడ్డలో కడక్ రొట్టెలు కట్టుకుని పోయేవాడు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డతో. అక్కా, ఊరు, దూరం అన్న గుమ్మంలో అది ఎందుకు రాయలేదు? "వలస పోయినప్పుడు వెంట వచ్చిన రొట్టె" అని. పాలమూరు వాళ్లకు అది గుండెకు తగులుతుంది.

మక్తల్_రొట్టె
రాశాను అన్నా, నంబర్ 66. మాలో ఒకరు చదవగానే కళ్లనీళ్లు పెట్టుకుంది, వాళ్లదీ అదే కథ. ఇంకొకరు మాత్రం ఆ బాధను ప్యాకెట్ మీద అమ్మడం నాకు ఇష్టం లేదు అంది. దాన్ని పక్కన పెట్టాం, కొట్టెయ్యలేదు.

గోడరాత
66 గురించి నేను తీర్పు చెప్పను, అది మీ నలుగురిది. ఒక్కటి మాత్రం చూసుకోండి. అది జ్ఞాపకం చెబుతోంది, వండకుండా ఏ టైంకైనా అన్న లాభం అందులో వినపడటం లేదు. షాపులో ప్యాకెట్ తిప్పి చూసే పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఏం తెలుస్తుంది?

ఏరడం మూడు జల్లెళ్లలో చేయండి. మార్కులు మాత్రం వేయకండి. పదికి ఏడు, పదికి ఆరు అని కూడితే ఎవరికీ అడ్డం రాని లైనే పైకొస్తుంది. ఎవరికీ గట్టిగా నచ్చనిది కూడా అదే అవుతుంది. ప్రతి జల్లెడలో ఉంటుందా పోతుందా, అంతే.

మొదటి జల్లెడలో ఒకే ఆలోచన ఉన్న లైన్లను గుంపులు కట్టండి. పెనం అక్కర్లేదు అన్నవి ఏడు ఉంటే, అందులో చిన్నది, నోటికి సులువైనది ఒకటో రెండో ఉంచండి.

రెండోది బత్తాయి తమ్ముడి జల్లెడ. లైను ముందు వేరే పేరు పెట్టి చదవండి. మూడు పేర్లు చాలు: ఇంకో రొట్టెల వాళ్ల పేరు, అటుకులు, బిస్కెట్. అటుకులకు, బిస్కెట్‌కు అతికితే తీసెయ్యండి. ఇంకో రొట్టెల వాళ్లకు అతికితే కొంచెం ఆలోచించండి. వాళ్లు ఆ మాట ఇంకా అనకపోతే, ముందు అన్నవాళ్లదే అవుతుంది.

మూడోది గొంతు. ఒకరు గది ఆ చివర నిలబడి ఒక్కసారే మామూలుగా అనాలి. ఈ చివర ఉన్నవాళ్లు విన్నది రాయాలి. రాసింది తప్పితే లైను నోటికి కుదరలేదన్నట్టు. రెండోసారి చెప్పడానికి లేదు. గోడ మీద లైనును బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు కూడా రెండో అవకాశం ఉండదు.

ప్రాస_ప్రియ
నా లైను ఆ మూడో జల్లెడ దాటుతుంది సార్.

గోడరాత
దాటుతుంది. రెండోదాంట్లో ఆగిపోయింది కదా.

మక్తల్_రొట్టె
83 గుంపులు కడితే 52 అయ్యాయి. పేరు మార్చి చదివితే 17 మిగిలాయి. "ఆకలికి టైం లేదు" నాకు చాలా ఇష్టం, కానీ బిస్కెట్‌కు అచ్చంగా అతికింది, తీసేశాం. "నీళ్లు కాగేలోపు" అటుకులకు కూడా సరిపోయింది. గొంతు జల్లెడలో "ఇరవై రోజుల ధైర్యం" పోయింది. విన్నామె 'ఇరవై రోజుల దైవం' అని రాసింది, ఏదో పూజ అనుకుందట. చివరికి ఎనిమిది. ఎవరికి వాళ్లం చీటీ మీద రెండేసి నంబర్లు రాసి ఒకేసారి తెరిచాం. నాలుగు లైన్లకే ఓట్లు పడ్డాయి: పొయ్యి లేదు, పెనం మక్తల్‌లో, తిన్నవా బిడ్డా, అడగకుండానే అమ్మ. ఇక వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఏది బాగుందో అడిగేద్దామా?

గోడరాత
వద్దమ్మా. మీ స్టేటస్ చూసేది మీ చుట్టాలు. పైగా నాలుగూ పక్కపక్కన చూసి బాగున్నది చెప్పమంటే జనం తీరు మారిపోతుంది, పరీక్ష పేపర్ దిద్దినట్టు చూస్తారు. మీకు కావాల్సింది ఏది నచ్చిందని కాదు, ఏది మిగిలిందని.

మీ రొట్టె తెలియని పది పన్నెండు మందిని వెతకండి. మాటల మధ్యలో నాలుగు లైన్లూ ఒక్కసారి వినిపించండి, ఒక్కొక్కరికి వరస మార్చండి. ఏమీ అడగకుండా వదిలెయ్యండి. మర్నాడు రెండే ప్రశ్నలు: నిన్నటి వాటిలో ఏది గుర్తుంది? అది దేని గురించి? రెండో ప్రశ్నే ముఖ్యం.

మక్తల్_రొట్టె
మా అక్క కొడుకు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉంటాడు. వాడి ద్వారా పన్నెండు మందిని అడిగించాను. ఒక్కొక్కరు ఒకటి కంటే ఎక్కువ కూడా చెప్పారు.

"తిన్నవా బిడ్డా? డబ్బా తెరువు" ఎనిమిది మందికి గుర్తుంది. "పెనం మక్తల్‌లో, రొట్టె మీ రూంలో" ఏడుగురికి. "అడగకుండానే అమ్మ" ఐదుగురికి. "పొయ్యి లేదు, పెనం లేదు" ముగ్గురికే, అందులో ఒకడు దాన్ని గ్యాస్ అయిపోయిన రూం గురించి జోక్ అనుకున్నాడు.

దేని గురించి అని అడిగితే కథ తిరగబడింది. 'తిన్నవా బిడ్డా' గుర్తున్న ఎనిమిది మందిలో నలుగురు టిఫిన్ డబ్బా ప్రకటన అన్నారు. 'పెనం మక్తల్‌లో' గుర్తున్న ఏడుగురిలో ఆరుగురు ఊరి నుంచి వచ్చే రెడీ రొట్టె అన్నారు. ఏడోవాడు మక్తల్ ఎక్కడుంది అని అడిగాడు.

పాలమూరు_మాస్టారు
ప్రాస_ప్రియ గారికి న్యాయం చేయాలి. "పెనం మక్తల్‌లో, రొట్టె మీ రూంలో" ఎందుకు నిలిచిందో చూడండి. రెండు ముక్కలూ 'లో' మీదే ఆగాయి, 'రొట్టె'లో 'ర' మళ్లీ 'రూం'లో పలికింది. ప్రాస పనిచేసింది. కాకపోతే వెతికి తెచ్చి అతికించింది కాదు, విషయంలోంచే వచ్చింది.

ప్రాస_ప్రియ
అది ఒప్పుకుంటాను సార్. కానీ పన్నెండు మందితో ఏం తేలుతుంది? ఎనిమిదికి, ఏడుకు తేడా ఉన్నట్టా లేనట్టా?

గోడరాత
లేనట్టే. ఎనిమిది, ఏడు పట్టించుకోకండి. పన్నెండు మంది ఎంత శాతం అని చెప్పలేరు, ఎక్కడ తప్పు దారి పట్టారో చెప్తారు. నలుగురు విడివిడిగా టిఫిన్ డబ్బా అన్నారంటే ఆ లైనులో రొట్టె లేదు. "తిన్నవా బిడ్డా? రొట్టె డబ్బా తెరువు" అని మార్చి, ఇంకో పన్నెండు మందికి వినిపించి చూడండి. పాతవాళ్లకు వద్దు, వాళ్లకు జవాబు తెలిసిపోయింది.

లైసెన్స్_పేపర్లు
'అమ్మ పెట్టిన రొట్టె' గురించి నా అనుమానం. యూనిట్‌లో చేసే సరుకును ఇంట్లో చేసిందనుకునేలా ఉందని ఎవరైనా అనొచ్చు. ఖచ్చితంగా తప్పు అని అనను, ప్రింట్‌కు ముందు ఒకసారి అడిగి చూసుకోండి. లైను ఖాయమయ్యాక ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో కూడా వెతకండి, అదే మాట ఎవరైనా ముందే రిజిస్టర్ చేసుకున్నారేమో.

బత్తాయి_తోట
అక్కా, ఒక డౌట్. మక్తల్ సంతలో అమ్మేటప్పుడు "పెనం మక్తల్‌లో" ఏం పని చేస్తుంది? అక్కడ అందరి పెనాలూ మక్తల్‌లోనే కదా.

మక్తల్_రొట్టె
ఇది మాకు తట్టనే లేదు! మహబూబ్‌నగర్ కిరాణా షాపులకైనా దూరం అన్నది అంతగా తగలదేమో.

గోడరాత
తగలదు. తమ్ముడు సరిగ్గా పట్టాడు. ఆ లైను పార్సిల్ ప్యాకెట్ వరకే. షాపుల్లో కొనేది ఎవరు, ఎందుకు అన్నది మీరింకా అడగలేదు. మీరు ఫోన్ చేసిన ఐదుగురిలో ముగ్గురు హాస్టల్ వాళ్లు, మిగతా ఇద్దరు చెప్పింది వేరే లాభం. షాపులో కొనేవాళ్లను ఇంకో ఐదుగురిని అడిగి చూడండి. వాళ్ల లాభం వేరే అయితే ఈ 83 వాళ్లకు పనికిరావు, కొత్త కాగితం తీయాల్సిందే.

దేవరకొండ_బస్సు
66 మాత్రం పారెయ్యకండి అక్కా. స్టిక్కర్ మీద వద్దంటే వద్దు, డబ్బా లోపల చిన్న చీటీ మీద రాయండి. కొన్నాక చదువుకుంటారు.

మక్తల్_రొట్టె
చీటీ మాట మా నలుగురిలో ముగ్గురికి నచ్చింది, వద్దన్న ఆమె ఇంకా వద్దనే అంటోంది. పార్సిల్ ప్యాకెట్లకు "పెనం మక్తల్‌లో, రొట్టె మీ రూంలో" అని ఐదు వందల స్టిక్కర్లు ఈ రోజే ఇచ్చాను. షాపుల వాటికి లైను లేకుండా ఉత్త పేరుతోనే కొట్టించాను. శనివారం మహబూబ్‌నగర్ పోతున్నా. షాపు దగ్గరే నిలబడి, ప్యాకెట్ తీసుకున్నవాళ్లను పోయినసారి ఎప్పుడు తిన్నారని అడుగుతాను. అన్న మాట అన్నట్టే ఇక్కడ పెడతాను.